పాత పత్రిక స్కాన్‌లో అక్షరాల మధ్య ‘౯’ ఎందుకుంది? వెలిసిన కాలమ్‌ను చదివే పద్ధతి

ప్రశ్న: 1923 నాటి తెలుగు పత్రికలో మా ముత్తాతగారి గురించి వచ్చిన ఒక కాలమ్ పీడీఎఫ్‌గా దొరికింది. ఇంకు బాగా వెలిసిపోయింది. కనబడే చోట కూడా ‘కాయ౯దశి౯’ లాంటి మాటలున్నాయి, మధ్యలో తొమ్మిదులు, సగం సగం సున్నలు. ఎలా చదవాలి? సాఫ్ట్‌వేర్‌తో ఇంకును మళ్లీ తేవచ్చా?

జవాబు:

ముందు ఆ తొమ్మిది సంగతి. అది అంకె కాదండీ, ‘ర్’ను చూపే పాత గుర్తు, పేరు వలపలగిలక. మీ మాట ‘కార్యదర్శి’. మీ ముత్తాతగారు ఏదో సంఘానికి కార్యదర్శిగా ఉన్నట్టున్నారు.

ఇక ఇంకు మాట. మీ పీడీఎఫ్‌లో ఉన్నది రంగు స్కాన్ అయితే చాలావరకు తేవచ్చు. ఉత్త నలుపు తెలుపు స్కాన్ అయితే తేలేం, వేరే కాపీ వెతకాల్సిందే. అందుకే అక్షరాలతో కుస్తీ మొదలుపెట్టకముందే చేతిలో ఉన్నది ఏ రకం బొమ్మో తేల్చుకోండి. చాలామంది ఈ పని చివర్లో చేస్తారు. నేనూ మొదట్లో అలాగే చేసి రెండు వారాలు పోగొట్టుకున్నాను.

నిజానికి వెలిసింది ఇంకు కాదు. పత్రికల అచ్చు ఇంకు అంటే నూనెలో కలిపిన మసి. మసి అంటే కార్బన్. నూరేళ్లు కాదు, ఇంకా ఎన్నేళ్లయినా దాని నలుపు తగ్గదు. మారింది కాగితం. చౌక న్యూస్‌ప్రింట్‌లో కలప గుజ్జుతోపాటు లిగ్నిన్ ఉండిపోతుంది. వెలుతురు, గాలి తగిలి అది పసుపు తిరిగి, తర్వాత గోధుమరంగులోకి వెళ్తుంది. వెనకున్న కాగితం నల్లబడేసరికి ముందున్న అక్షరం వెలిసినట్టు కనిపిస్తుంది. వెలిసినట్టుండటానికి ఇంకో కారణం కూడా ఉంటుంది. అచ్చు వేసిన రోజే ఆ చోట ఇంకు సరిగా అంటలేదు, లేదా సీసపు అక్షరం అరిగిపోయి ఉంది. ఇవి రెండూ వేరు జబ్బులు, మందులూ వేరు. కాలమ్ మొత్తం ఒకేలా మసకగా ఉంటే కాగితం తప్పు. పక్క లైను నల్లగా ఉండి ఒక లైనులో నాలుగు అక్షరాలు మాత్రమే పలచగా ఉంటే అది అచ్చు వేసిన రోజు తప్పు. అక్కడ ఏ సాఫ్ట్‌వేరూ లేని ఇంకును పుట్టించదు.

స్కాన్ రకం తెలుసుకోవడానికి poppler అనే పీడీఎఫ్ పనిముట్లతో వచ్చే చిన్న ప్రోగ్రాం చాలు:

```
pdfimages -list patrika.pdf
pdfimages -all -f 3 -l 3 patrika.pdf peji
```

మొదటి లైను ప్రతి పేజీలో ఏ బొమ్మ దాగుందో జాబితా ఇస్తుంది, రెండోది మూడో పేజీ బొమ్మను విడిగా బయటికి తీస్తుంది. జాబితాలో `bpc` అనే నిలువు వరుస చూడండి. 8 అని ఉంటే బూడిద రంగు మెట్లన్నీ ఉన్నాయి, పని జరుగుతుంది. 1 అని ఉంటే స్కాన్ చేసినవాళ్లే ప్రతి చుక్కనూ నలుపో తెలుపో తేల్చేసి మధ్యలోదంతా పారేశారు. `enc` దగ్గర `jbig2` అని ఉంటే ఇంకొంచెం టెన్షన్ పడాలి. ఆ పద్ధతిలో సైజు తగ్గించడానికి ఒకేలా కనిపించే అక్షరాలను ఒకే అచ్చుగా లెక్కగట్టి, ఒకదాని బొమ్మను ఇంకోదాని చోట పెట్టే అవకాశం ఉంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు బయటపెట్టిన గొడవ ఇదే. స్కాన్ చేసిన కాగితాల్లో 6లు నిక్షేపంగా, శుభ్రంగా 8లుగా మారిపోయాయి. మసకగా ఉంటే అనుమానిస్తాం, శుభ్రంగా తప్పుంటే నమ్మేస్తాం. తెలుగులో దకీ ధకీ మధ్య ఉన్నది ఒక చిన్న గీతే కాబట్టి ఈ రకం ఫైల్లో ఒత్తులను, అంకెలను నేను నమ్మను.

`x-ppi`, అంటే అంగుళానికి ఎన్ని చుక్కలో, అది కూడా ఒకసారి చూడండి. 150 ఉంటే ఒక్కో చుక్క 0.17 మిల్లీమీటర్లు. ఒత్తు గీత మందం కూడా దాదాపు అంతే, అంటే అది ఒక చుక్కలో పడి కరిగిపోతుంది. 400 ఉంటే చుక్క 0.06 మి.మీ., గీత గీతలా కనిపిస్తుంది. తక్కువ దాన్ని సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేస్తే మసకే పెద్దదవుతుంది. చాలా డిజిటల్ గ్రంథాలయాలు పీడీఎఫ్‌తోపాటు పేజీల అసలు బొమ్మలను విడిగా ఇస్తాయి. దింపుకునేటప్పుడు వాటి కోసం చూడండి, తేడా మీకే తెలుస్తుంది.

రంగు బొమ్మ దొరికిందనుకుందాం. అందులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు పొరలు, అంటే చానెళ్లు, ఉంటాయి. ఎరుపు చానెల్ ఒక్కటే విడదీయండి. ముదిరిన కాగితం నీలి కాంతిని మింగేస్తుంది, ఎరుపును చాలావరకు తిప్పి పంపుతుంది. అందుకని నీలం చానెల్‌లో కాగితం, ఇంకు రెండూ నల్లగా కలిసిపోతాయి. ఎరుపులో కాగితం తెల్లబడి ఇంకు నల్లగానే ఉంటుంది. గోధుమరంగు మచ్చలు కూడా ఎరుపులో చాలావరకు పలచబడతాయి. GIMP అనే బొమ్మలు దిద్దే సాఫ్ట్‌వేర్‌లో అయితే Colors > Components > Extract Component లోకి వెళ్లి RGB Red ఎంచుకోండి. కాలమ్ మీద ఊదారంగు ముద్ర పడి ఉంటే ఆ ఒక్క చోటికి నీలం చానెల్ చూడండి, ముద్ర పలచబడి కింది అక్షరం బయటికి వస్తుంది.

తర్వాత పేజీలో ఒక మూల నల్లగా, ఇంకో మూల తెల్లగా ఉండే తేడా తీయాలి. లేయర్‌ను డూప్లికేట్ చేసి, పైదానికి Gaussian Blur పెట్టండి. మసక సైజు దాదాపు ఒక అక్షరం ఎత్తంత, అంటే 400 ppi బొమ్మలో 60 చుక్కల చుట్టుపక్కల ఉంటే సరిపోతుంది. ఆ పై లేయర్ మోడ్ Divide కి మార్చండి. పేజీ అంతా ఒకే తెలుపులోకి వచ్చి అక్షరాలు నిలబడతాయి. ఇక్కడే ఆగండి. కాంట్రాస్ట్ ఇంకా పెంచితే బాగుంటుందనిపిస్తుంది, పెంచకండి. పెంచినకొద్దీ పలచటి గీతలు ముందు పోతాయి. సున్న విరిగి అరసున్న అవుతుంది, ధ కింద గీత పోయి ద అవుతుంది. నేను ఎప్పుడూ మూడు బొమ్మలు పక్కపక్కన తెరుచుకుని చదువుతాను: అసలు రంగుది, ఎరుపు చానెల్, Divide చేసినది. అనుమానం వచ్చిన ప్రతిసారీ అసలు బొమ్మ దగ్గరికే పోతాను.

ఒక మినహాయింపు. మైక్రోఫిల్మ్ నుంచి చేసిన స్కాన్ అయితే రంగు ఉండదు, చానెల్ చిట్కా పనికిరాదు. Divide వరకే. అసలు కాగితమే మీ దగ్గర ఉంటే మాత్రం అదృష్టం. సీసపు అక్షరం కాగితాన్ని నొక్కి అచ్చు వేస్తుంది కాబట్టి ఇంకు అంటని చోట కూడా గుంట మిగలవచ్చు. చీకటి గదిలో టార్చిని కాగితానికి దాదాపు ఆనించి పక్క నుంచి వేసి చూడండి. వెనక పేజీ అక్షరాలు ఇవతలికి కనబడుతుంటే స్కాన్ చేసేటప్పుడు కాగితం కింద నల్ల అట్ట పెట్టండి.

ఇప్పుడు అక్షరాల సంగతికి వద్దాం. అసలు చిక్కు ఇక్కడే.

వలపలగిలక. ‘వలపల’ అంటే కుడివైపు. ఒక హల్లుకు ముందు పొల్లు ‘ర్’ పలికితే, ఆ ర్ గుర్తును హల్లుకు కుడిపక్కన పెట్టేవారు. కంటికి తర్వాత కనిపిస్తుంది, నోటికి ముందు రావాలి. ‘వాత౯’ అంటే వార్త, ‘పూవ౯ము’ అంటే పూర్వము, ‘ఆచాయు౯లు’ అంటే ఆచార్యులు. ఒకే పేజీలో ఒక చోట ‘ధర్మము’ అనీ, ఇంకో చోట ‘ధమ౯ము’ అనీ ఉన్నా కంగారు పడకండి, ఇద్దరు కంపోజిటర్ల చెయ్యి పడి ఉంటుంది. అంకెతో పొరబడకుండా ఉండటానికి గుర్తు ఒకటే. అంకె ౯ తోటి అంకెల మధ్యనో, తేదీ దగ్గరో ఉంటుంది. వలపలగిలక మాట పొట్టలో ఉంటుంది.

మసక పేజీలో దీనివల్ల ఇంకో ఉపయోగం ఉంది. ఈ గుర్తు చిన్నది కాబట్టి ముందు చెరిగేది ఇదే. అర్థం కాని మాట తగిలితే అక్కడ ఒక ర్ పోయిందేమో చూడండి. ‘మాగము’ అని ఉంటే మార్గము, ‘నిణయము’ అని ఉంటే నిర్ణయము. నాకు అర్థం కాక ఆగిపోయిన మాటల్లో చాలా వాటికి ఇదే తాళంచెవి అయింది.

అరసున్న ఏదో అలంకారం అనుకుని వదిలేయకండి. ‘వాఁడు’, ‘కలఁడు’ లాంటి చోట దాన్ని పలకకపోయినా ఇబ్బంది లేదు, వాడు, కలడు అని చదువుకుంటాం. కానీ రెండు మాటల మధ్య ఉన్న అరసున్న తర్వాతి అక్షరం ఏమిటో చెబుతుంది. గ్రాంథికంలో ద్రుతం మీద, అంటే మాట చివరి నకారం మీద, క, చ, ట, త, ప వస్తే అవి గ, జ, డ, ద, బ అవుతాయి. ‘వానిని పిలిచి’ అన్నది ‘వానిఁ బిలిచి’ అవుతుంది. ‘చేయ తలచి’ అన్నది ‘చేయఁ దలఁచి’ అవుతుంది. కాబట్టి ‘వానిఁ’ తర్వాత అక్షరం సగం పోయి అది పనో బనో తేలకపోతే, బ అని రాసుకోవచ్చు. అర్థం చూసేటప్పుడు మాత్రం ప గా తిప్పుకోవాలి. ‘బిలిచి’ అని నిఘంటువులో వెతికితే దొరకదు, ‘పిలుచు’ దగ్గర దొరుకుతుంది.

ఇలాంటిదే మాట మొదట్లో వచ్చే న, య. ‘అధ్యక్షునిగా నెంచిరి’ అని ఉంటే నెంచడం అనే పని ఏమీ లేదు, అది ‘ఎంచిరి’. ‘వచ్చి యుండిరి’ అంటే వచ్చి ఉండిరి. కొత్తగా చదివేవాళ్లు ఇలాంటి మాటలు చూసి అక్షరం తప్పుగా చదివామేమోనని మంచి పాఠాన్ని చెడగొట్టుకుంటారు. లైను చివర మాటను ఎక్కడ పడితే అక్కడ, గీత కూడా పెట్టకుండా విరిచెయ్యడం ఇంకో తంటా. కాలమ్ వెడల్పు తక్కువ కదా, కంపోజిటర్ చోటు చాలనప్పుడు విరిచేసేవాడు. అర్థం చిక్కని మాట లైను మొదట్లో ఉంటే పై లైను చివరతో కలిపి చదవండి.

మిగతా పాత అక్షరాలు పెద్ద బాధ పెట్టవు. ఱ అంటే బండి ర, ఇప్పటి ర గానే చదువుకోండి. చ, జల నెత్తిన చిన్న గుర్తు ఉంటే అవి ‘చాప’లో చ, ‘జాము’లో జ లాంటివి. మాట చివర న్ కు వేరే ఆకారం, నకారపొల్లు (ౝ), ఉండేది. ‘మ. రా. రా. శ్రీ’ అంటే మహారాజ రాజశ్రీ, గౌరవం కోసం పేరు ముందు పెట్టేది. దాన్ని ఇంటిపేరు తాలూకు పొడి అక్షరాలు అనుకుని వంశవృక్షంలో ఎక్కించినవాళ్లను చూశాను.

అదే పేజీ నుంచి అక్షరాల ఆల్బమ్ చేసుకోండి. నేను చేసే పనుల్లో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. ఇంటర్నెట్‌లో దొరికే పాత అక్షరాల పట్టికలతో పోల్చకండి, ఆ ప్రెస్సు అచ్చులు వేరు. మీ పేజీలోనే స్పష్టంగా ఉన్న ప, వ, మ, ద, ధ, బ, భ, ౩, ౬ ఒక్కోటి మూడు నాలుగు చొప్పున కత్తిరించి ఒక చోట అంటించండి. అవి కూడా మీ మసక అక్షరం ఉన్న సీసపు అక్షరాల పెట్టెలోంచే వచ్చాయి. తర్వాత అనుమానపు అక్షరాన్ని సగం పారదర్శకంగా చేసి వాటి మీద పెట్టి చూడండి. పూర్తి అక్షరం కనబడనక్కర్లేదు. ప అయితే తలకట్టు ఒంటికి అతకకుండా విడిగా ఉంటుంది, వకి కలిసి ఉంటుంది. బకి తలకట్టే ఉండదు, భకి ఉంటుంది. అంటే భ కింద గీత చెరిగిపోయినా తలకట్టు ముక్క మిగిలితే చాలు, అది భ అని తేలిపోతుంది. ప్రకటనలు, శీర్షికలు వేరే అచ్చుల్లో ఉంటాయి. అక్కడి నుంచి కత్తిరించకండి.

అంకెలకు మాత్రం ఆల్బమ్ ఒక్కటే చాలదు. అక్షరానికి చుట్టూ మాట ఉంటుంది, తప్పు చదివితే మాటే ఒప్పుకోదు. అంకెకు ఆ ఆసరా లేదు, ౩ అయినా ౬ అయినా వాక్యం హాయిగా నడుస్తుంది. ఈ రెండూ మసకలో అచ్చం కవలలే. నేను ఇక్కడే ఒకసారి బాగా బోల్తా పడ్డాను.

ఒక కుటుంబం వాళ్ల పెద్దాయన చనిపోయిన వార్త చదివిపెట్టమన్నారు. మసక లైనులో నాకు కనిపించింది ఇది: ‘రుధిరోద్గారి సం… బహుళ… జూలయి ౧౬ తేది భృ…వారము’. 1923 పత్రిక. రెండో అంకెను ౬ అని చదివి, జూలై 16 అని రాసిచ్చేశాను. వారం పేరు సగం పోయింది కదా అని దాని జోలికి పోలేదు. కొన్ని నెలలకు అదే కాలమ్ మళ్లీ తెరిస్తే ‘భృ’ అక్షరం నన్ను వెక్కిరించింది. ‘భృ’తో మొదలయ్యేది భృగువారము ఒక్కటే, అంటే శుక్రవారం. 1923 జూలై 1 ఆదివారం. కాబట్టి 13 శుక్రవారం, 16 సోమవారం. పైగా ‘బహుళ’ అని ఉంది. ఆ నెల 14 ప్రాంతంలో అమావాస్య వచ్చింది. 13 బహుళంలో పడుతుంది, 16 అప్పటికే శుద్ధంలోకి వెళ్లిపోతుంది. రెండు సాక్ష్యాలూ ౧౩ అనే చెప్తున్నాయి. తర్వాత ఆల్బమ్ చేసి పోలిస్తే, నేను ౬ తోక అనుకున్నది వెనక పేజీ నుంచి ఇవతలికి కనబడుతున్న ఒక గీత. తిథి కార్యక్రమాలు చేసే ఇల్లు వాళ్లది, ఫోన్ చేసి చెప్పడానికి సిగ్గేసింది.

అప్పటి నుంచి తేదీ దగ్గర నా పద్ధతి ఇది. సంవత్సరం పేరు, పక్షం, వారం, అంకె నాలుగూ విడివిడిగా చదివి, నాలుగూ ఒకదానికొకటి ఒప్పుకుంటేనే రాస్తాను. 1923–24 రుధిరోద్గారి, దాని ముందుది దుందుభి, తర్వాతది రక్తాక్షి. ఉగాది ముందు నెలల్లో పాత సంవత్సరం పేరే నడుస్తుందని మర్చిపోవద్దు. వారాలకు ఆ రోజుల్లో వేరే పేర్లు కూడా వాడేవారు: ఇందువారము సోమవారం, భౌమవారము మంగళవారం, సౌమ్యవారము బుధవారం, స్థిరవారము శనివారం. తేదీకి ఇన్ని ఆసరాలు ఉన్నాయి. సభకు వచ్చినవాళ్లు ౩౦౦ మందా ౬౦౦ మందా అన్నదానికి ఏమీ లేవు. అలాంటి చోట రెండూ రాసి వదిలేయడమే.

రాసుకునేటప్పుడు కళ్లతో చూసిందీ ఊహించిందీ కలపకండి. స్పష్టంగా ఉన్నది మామూలుగా, ఊహించినది చదరపు కుండలీకరణాల్లో, అసలు తెలియనిది చుక్కలతో. మీ మాటనే తీసుకుంటే మొదటి లైనులో ‘కాయ౯దశి౯’ అని ఉన్నదున్నట్టు రాయండి, దాని కింద విడిగా ‘కార్యదర్శి’ అని ఇప్పటి రాత. గిలక చెరిగిన చోట ‘కా[ర్]యదర్శి’ అని రాస్తే తర్వాత చదివేవాళ్లకు మీరు ఏది చేర్చారో తెలుస్తుంది. ఒక్కో లైనుకు ఒక్కో లైనే రాయండి, కలిపేస్తే మళ్లీ పోల్చుకోలేరు.

ముందు `pdfimages -list` ఇచ్చిన జాబితా ఇక్కడ పెట్టండి. రంగు బొమ్మ అయితే ‘కార్యదర్శి’ ఉన్న లైనుతోపాటు పైన ఐదు, కింద ఐదు లైన్లు కత్తిరించి, ఏమీ దిద్దకుండా పెట్టండి. ఆ సంఘం పేరు సాధారణంగా అక్కడే ఉంటుంది.